58 కిలోల కుర్రాడికి ఎన్ని కేలరీలు ఎక్కువ కావాలి: ఒక లీన్ బల్క్ కేస్ స్టడీ

లీన్ బల్క్ అంటే కొవ్వు ఎక్కువ చేరకుండా కండ పెంచుకుంటూ బరువు పెరగడం. ఈ కేసులో ఉన్న అబ్బాయి వయసు 24. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 58.4 కిలోలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కూకట్‌పల్లి హాస్టల్లో తిండి, సొంతూరు పశ్చిమ గోదావరిలో. జిమ్ గడప అంతకుముందు తొక్కలేదు. నా దగ్గరికి వచ్చేసరికే ఒక లెక్క వేసుకుని ఉన్నాడు.

"అన్నా, రోజుకు 3,000 కేలరీలు తింటాను. మాస్ గెయినర్ డబ్బా కూడా ఆర్డర్ పెట్టేశాను. మూడు నెలల్లో డెబ్బై కిలోలకి రావాలి."

"డెబ్బై కిలోలకి రావడం కష్టం కాదు తమ్ముడూ. అందులో కండ ఎంతుండాలి?"

దానికి అతని దగ్గర జవాబు లేదు. బక్కగా ఉన్నవాళ్లు ఎవరూ ముందు ఆ ప్రశ్న వేసుకోరు. బరువు పెరిగితే చాలు, మిగతాది జిమ్ చూసుకుంటుందనుకుంటారు. నేను టేపు తీసి బొడ్డు దగ్గర నడుము కొలిచాను. 79 సెంటీమీటర్లు ఉంది. చేతులు, భుజాలు సన్నగా ఉన్నాయి, పొట్ట కింది భాగం మాత్రం మెత్తగా పట్టుకి దొరుకుతోంది. 58 కిలోల మనిషికి ఆ నడుము ఎక్కువే.

ఈ రకం ఒళ్లు మన దగ్గర చాలా మామూలు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన పెట్టి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. త్రాసు మీద సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండొచ్చని ఆ ఒక్క ఫొటో చెప్పేసింది. ఈ అబ్బాయికి నేను సర్‌ప్లస్, అంటే ఖర్చుకు మించి తినే కేలరీలు, చిన్నగా పెట్టడానికి మొదటి కారణం అదే. బీఎంఐ 19.5 చూసి "ఎంతైనా తినొచ్చు" అనడం ఇక్కడ కుదరదు.

ముందు మెయింటెనెన్స్ తెలియాలి

మెయింటెనెన్స్ అంటే రోజుకు ఖర్చయ్యేంత తిండి, దానితో బరువు పెరగదు, తగ్గదు. ఖర్చెంతో తెలియకుండా మించినది ఎంతో తెలియదు. ఫార్ములాలు ఒక అంచనా ఇస్తాయి. ఇతని ఎత్తు, బరువు, వయసు మిఫ్లిన్ సూత్రంలో వేస్తే పడుకుని ఉన్నా ఖర్చయ్యేది 1,550 కేలరీలు వచ్చింది. రోజంతా కూర్చునే ఉద్యోగానికి 1.4తో గుణిస్తే దాదాపు 2,170. కానీ అదే ఎత్తూ బరువూ ఉన్న ఇద్దరి మధ్య రోజుకు రెండు మూడు వందల కేలరీల తేడా తేలిగ్గా ఉంటుంది. మనం పెట్టబోయే సర్‌ప్లస్ కూడా అంతే. అందుకే ఫార్ములా ఒక్కదాన్నే నమ్మి బల్క్ మొదలుపెట్టను.

రెండు వారాలు ఏమీ మార్చకుండా, ఎప్పుడూ తినేదే తినమన్నాను. తిన్న ప్రతిదీ రాయాలి. రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందు బరువు చూసుకోవాలి. ఆ రెండు వారాల్లో బరువు 58 నుంచి 58.9 మధ్య ఊగింది, వారం సగటు మాత్రం రెండుసార్లూ 58.4 దగ్గరే ఆగింది. రాసిన తిండి సగటు 2,150 కేలరీలు. ఫార్ములాతో దాదాపు కలిసింది, అది అదృష్టం. ప్రోటీన్ రోజుకు 48 గ్రాములే. ఇడ్లీ, అన్నం, పప్పు, సాంబారు, వారానికి రెండుసార్లు చికెన్ తినే హాస్టల్ కుర్రాళ్లలో ఇంతకన్నా ఎక్కువ నేను అరుదుగా చూస్తాను.

హాస్టల్ తిండిని లెక్కించడంలో ఒక చిక్కుంది. యాప్‌లో "వంకాయ కూర, ఒక కప్పు" అని కొడితే ఏదో ఒక అంకె చూపిస్తుంది. వంటాయన ఆ రోజు ఎన్ని గరిటెల నూనె పోశాడో యాప్‌కి తెలియదు. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి ఎక్కువ పడితే మన సర్‌ప్లస్ మొత్తం అక్కడే ఉంది. కాబట్టి హాస్టల్ భోజనాన్ని సరిగ్గా లెక్కించాలని నేను పట్టుబట్టను. ఆ భోజనం అదే కంచం, అదే గరిటెలతో స్థిరంగా ఉండాలంతే. దాని మీద చేర్చే వస్తువులు మాత్రం కొలతకు కచ్చితంగా దొరికేవి కావాలి: గుడ్లు, పాలు, పల్లీలు, అరటిపండు, వే ప్రోటీన్ లాంటివి. పునాది లెక్కలో వంద కేలరీల తప్పు ఉన్నా ఫర్వాలేదు, అది రోజూ ఒకేలా ఉంటే మనం చేర్చినదానికి ఫలితం బరువులో కనబడుతుంది.

ఎందుకు 250, ఎందుకు 500 కాదు

చాలామంది చెప్పే అంకె 500. అది కొవ్వు తగ్గే లెక్కను తలకిందులు చేస్తే వచ్చిన అంకె. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి కాబట్టి రోజుకు 500 తగ్గిస్తే వారానికి దాదాపు అరకిలో తగ్గుతారు, అలాగే 500 పెంచితే అరకిలో పెరుగుతారని. రెండోదానిలో పెరిగేది కండ అని ఎవరూ హామీ ఇవ్వలేరు. కండలో ముప్పాతిక వంతు నీళ్లే, అయిదో వంతు ప్రోటీన్. కిలో కండలాంటి కణజాలంలో నిల్వ ఉండే శక్తి సుమారు 1,800 కేలరీలు, కొవ్వులో నాలుగో వంతు కూడా లేదు.

కొత్తగా బరువులెత్తే మగవాడు బాగా తిని, బాగా నిద్రపోయి, క్రమంగా బరువులు పెంచుకుంటూ పోతే మొదటి నెలల్లో నెలకు అరకిలో నుంచి కిలో కండ పెట్టగలడు. 800 గ్రాములనుకుందాం. దానిలో చేరే శక్తి 1,440 కేలరీలు, రోజుకు 48. దాన్ని కట్టడానికి శరీరానికి విడిగా ఖర్చుంటుంది. అందుకోసం అంకెను రెట్టింపు చేసి, దాదాపు 100 అనుకుందాం. వారానికి మూడు రోజులు జిమ్‌లో ఖర్చయ్యేది వారం మొత్తానికి పంచితే రోజుకు 75 వరకు ఉంటుంది. మెయింటెనెన్స్‌ని జిమ్ మొదలుకాకముందు కొలిచాం కాబట్టి ఇది కూడా కలపాలి. మొత్తం 175. ఎక్కువ తిన్నప్పుడు అరుగుదలకు పోయేదీ, తెలియకుండా కాళ్లూ చేతులూ ఎక్కువ కదిపి ఖర్చుచేసేదీ కలుపుకుంటే 250 దగ్గర ఆగుతాం.

ఇక 500 తింటే? రోజుకు మరో 250 మిగులుతుంది. కండ పెరిగే వేగాన్ని వ్యాయామం, నిద్ర, జన్యువులు నిర్ణయిస్తాయి, వాటికి కావలసినంత తిండి అందాక ఇంకా పెడితే ఆ వేగం పెరగదు. మిగిలిన 250ని నెల రోజులు దాస్తే 7,500 కేలరీలు. అంటే దాదాపు కిలో కొవ్వు.

ఇక్కడ అధ్యయనాలు చదివినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. రోజెనెక్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తవాళ్లకు రోజుకు 2,000 కేలరీల డ్రింకు ఎనిమిది వారాలు ఇస్తే మూడు కిలోల దాకా పెరిగారు, అందులో దాదాపు అంతా కొవ్వు కాని బరువే. అలాంటప్పుడు 250తో ఎందుకు సరిపెట్టుకోవాలి? జవాబు ఆ అంకెల్లోనే ఉంది. రోజుకు 2,000 చొప్పున ఎనిమిది వారాలంటే లక్షా పన్నెండు వేల కేలరీలు. అదంతా నిజంగా మిగిలి ఉంటే మనిషి పద్నాలుగు కిలోల కొవ్వు పెట్టాలి. మూడు కిలోలే పెరిగారంటే ఆ డ్రింకు తాగి మామూలు భోజనం బాగా తగ్గించుకుని ఉండాలి, కొంత ఖర్చూ పెరిగి ఉండాలి. ఇచ్చిన కేలరీలు వేరు, మిగిలిన కేలరీలు వేరు. పైగా కొవ్వు కాని బరువులో నీళ్లు, కండలో నిల్వ ఉండే పిండి పదార్థమైన గ్లైకోజెన్ కూడా లెక్కకొస్తాయి.

మరోవైపు నార్వే మేటి క్రీడాకారుల మీద గార్తె బృందం చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. సలహాతో ఎక్కువ తిన్న బృందానికి కొవ్వు సగటున 15 శాతం పెరిగింది, ఆకలి ప్రకారం తిన్నవాళ్లకు 3 శాతం. కొవ్వు కాని బరువులో తేడా మాత్రం నమ్మదగినంత రాలేదు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, వాళ్లలో కండ పెరిగే వేగం ముందే తక్కువ. కొత్తవాడికి మరి కాస్త వెసులుబాటు ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. అందుకే వారానికి ఒంటి బరువులో 0.25 నుంచి 0.5 శాతం పెరగమనే హద్దులో ఇతన్ని మధ్యలో పెట్టాను. 58 కిలోలకు వారానికి 150 నుంచి 290 గ్రాములు. లక్ష్యం 200.

కంచంలో ఏం మారింది

2,150 నుంచి 2,400కి వెళ్లాలి, ప్రోటీన్ 48 నుంచి 95కి. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ అనేది ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలిన అంకె, అంతకుమించి తింటే అదనపు లాభం పెద్దగా కనబడలేదు. అంటే ప్రోటీన్ రెండింతలు కావాలి, కేలరీలు మాత్రం పన్నెండు శాతమే పెరగాలి. ఉన్నదాని మీద కుమ్మరిస్తే కుదరదు, కొన్ని తీసి కొన్ని పెట్టాలి.

సాయంత్రం ఆఫీసు కింద తినే మిరపకాయ బజ్జీల ప్లేటు దాదాపు 270 కేలరీలు. దాని స్థానంలో 250 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో ఒక స్కూప్ వే ప్రోటీన్ పెట్టాం. కేలరీలు అంతే ఉన్నాయి, ప్రోటీన్ 32 గ్రాములు వచ్చింది. పొద్దున టిఫిన్‌తో మూడు ఉడికించిన గుడ్లు, 210 కేలరీలు, 18 గ్రాములు. జిమ్‌కి ముందు ఒక అరటిపండు, 100. రెండు టీలతో తినే బిస్కెట్లు ఆపేశాడు, అక్కడ 60 తగ్గింది. లెక్క సరిగ్గా 250 దగ్గర తేలింది. వే కొనడం కుదరనివాళ్లకు ఇదే ప్రోటీన్ మీల్ మేకర్, మరో రెండు గుడ్లు, పెరుగుతో వస్తుంది. మాస్ గెయినర్ డబ్బా వెనక్కి పంపించేశాడు. అందులో చాలావరకు ఉండేది మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి పదార్థమే. హాస్టల్ అన్నంలో అది దండిగా దొరుకుతోంది.

క్రియాటిన్ అడిగాడు. మంచిదే, కానీ అది కండలోకి నీళ్లు లాగి బరువు దాదాపు కిలో పెంచుతుంది. తిండి ఫలితాన్ని త్రాసులో చదవాలనుకుంటున్నప్పుడు అది అడ్డం. తర్వాత చూద్దామన్నాను.

వ్యాయామం వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్లంతా: స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్. ఒక్కోటీ మూడు సెట్లు, ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్. పన్నెండు దాటితే బరువు పెంచాలి. మొదటి వారం ఎనిమిది రెప్స్‌కి స్క్వాట్ 30 కిలోలు, బెంచ్ 25.

త్రాసు చెప్పేది, టేపు చెప్పేది

సెప్టెంబర్ చివర మొదలుపెట్టాం. రెండు వారాలు తిరిగేసరికి సగటు 59.5కి వచ్చింది. కిలోకు పైనే. అతను సంబరపడ్డాడు, ఇంకో కొత్తవాడైతే భయపడి తిండి తగ్గించేవాడు. రెండూ తొందరపాటే. కొత్తగా బరువులెత్తే కండ గ్లైకోజెన్‌నూ దానితోపాటు నీళ్లనూ నిలుపుకుంటుంది, ఒళ్లు నొప్పులున్నన్నాళ్లూ ఆ వాపు కూడా బరువే, పొట్టలో ఎప్పుడూ ఉండే తిండి కూడా పెరుగుతుంది. 250 చొప్పున పద్నాలుగు రోజులంటే 3,500 కేలరీలు, అంతా కొవ్వైనా అరకిలో దాటదు. నడుము 79 దగ్గరే ఉంది. కాబట్టి ఈ పెరుగుదలను పక్కన పెట్టి 59.5ని కొత్త మొదలుగా రాసుకున్నాం. బల్క్ వేగాన్ని మూడో వారం నుంచే లెక్కించాలి.

మూడు నుంచి ఆరో వారం దాకా 59.5 నుంచి 60.3. వారానికి సరిగ్గా 200 గ్రాములు. నడుము 79.4. స్క్వాట్ 50కి, బెంచ్ 37.5కి చేరాయి. కొత్తవాళ్లలో ఈ తొలి బలం చాలావరకు నరాలు నేర్చుకున్నదే, అంత కండ అప్పుడే రాదు. అయినా బరువులు పెరగకపోతే కండ పెరిగే దారి లేదు కాబట్టి దాన్ని కూడా రాసుకుంటూ పోవాలి.

ఆ తర్వాత మూడు వారాలు త్రాసు కదలలేదు. 60.3, 60.4, 60.4. "అన్నా, తిండి అదే తింటున్నాను, ఒట్టు" అన్నాడు. నిజమే చెబుతున్నాడు. ఫోన్‌లో అడుగుల లెక్క చూశాం. మొదట్లో రోజుకు అయిదు వేల పైచిలుకు నడిచేవాడు, ఇప్పుడు దాదాపు ఎనిమిది వేలు. ఎవరూ నడవమని చెప్పలేదు. ఒంట్లో ఉత్సాహం వచ్చింది, లిఫ్ట్ వదిలి మెట్లెక్కుతున్నాడు, భోజనం తర్వాత తిరుగుతున్నాడు. గుడ్లు తిన్నాక పొద్దున ఒక ఇడ్లీ కూడా తగ్గిందని రాతలో తేలింది.

దీని గురించి బాగా చెప్పిన అధ్యయనం జేమ్స్ లెవీన్ బృందానిది, 1999లో వచ్చింది. పదహారు మందికి ఎనిమిది వారాలు రోజుకు 1,000 కేలరీలు ఎక్కువ పెట్టారు. అందరికీ అదే అదనం, కానీ పెరిగిన కొవ్వు ఒకరిలో 0.36 కిలోలు, మరొకరిలో 4.23 కిలోలు. తేడాను ఎక్కువగా వివరించింది వ్యాయామం కాని మామూలు కదలికల్లో ఖర్చు ఎంత పెరిగిందన్నదే. "ఎంత తిన్నా ఒంటికి పట్టదు" అనే బక్కవాళ్లలో చాలామంది నిజానికి ఆ మొదటి రకం. అందువల్ల కాగితం మీద రాసిన 250 ఎప్పటికీ 250గా ఉండదు. నాకు మూడు వారాల సగటు కదలకపోతే సర్‌ప్లస్ సున్నాకి వచ్చిందని అర్థం. ఒక్క వారం కదలకపోతే ఏమీ మార్చను.

నడకను తగ్గించమనలేదు, అది గుండెకు, ఆకలికి మంచిది. ఒక గుప్పెడు వేయించిన పల్లీలు, 25 గ్రాములు, దాదాపు 145 కేలరీలు చేర్చాం. ఇప్పుడు లెక్క 2,550 దగ్గర. పదో వారం నుంచి పద్నాలుగో వారం దాకా 60.4 నుంచి 61.5కి వచ్చాడు, మళ్లీ వారానికి 220 గ్రాములు. నడుము 80. స్క్వాట్ 65, బెంచ్ 45.

సంక్రాంతి నెల

జనవరిలో ఇంటి నుంచి పని చేసుకోమన్నారు, ఊరికి వెళ్లాడు. పక్క టౌన్‌లో జిమ్ దొరికింది, అదే ప్రోగ్రామ్ ఒక్క రోజు కూడా మానకుండా చేశాడు. కానీ తిండి రాయడం ఆపేశాడు. అరిసెలు, సున్నుండలు, జంతికలు, ఇంట్లో పెళ్లి, అమ్మ చేతి నెయ్యి. నాలుగు వారాలయ్యేసరికి త్రాసు 64 చూపించింది. హైదరాబాద్ వచ్చి వారం మామూలుగా తిన్నాక ఉప్పు, తీపి పట్టిన నీళ్లు దిగి 63.4 దగ్గర నిలిచింది. నిజమైన పెరుగుదల 1.9 కిలోలు. నడుము 80 నుంచి 82.6.

ఈ కేసును రాయాలనిపించింది ఈ నెల వల్లే. మనిషి అతనే, వ్యాయామం అదే, నిద్ర ఇంట్లో ఇంకా బాగానే పడింది, మారింది తిండి ఒక్కటే. కండ తిండితోపాటు వేగంగా పెరిగేదే అయితే ఆ నెలలో బరువులెత్తడం కూడా ముందుకన్నా వేగంగా పెరగాలి. స్క్వాట్ 65 నుంచి 70, బెంచ్ 45 నుంచి 47.5. అంతకుముందు నాలుగు వారాల్లో వచ్చినదానికన్నా ఎక్కువేమీ కాదు.

ఎంత తిన్నాడో రాయలేదు కాబట్టి వెనక్కి లెక్కగట్టాం. పాత వేగంతో ఆ నాలుగు వారాల్లో 900 గ్రాములు పెరగాలి. వచ్చింది 1.9 కిలోలు. అదనంగా వచ్చిన కిలో కొవ్వే అనుకుంటే, 7,700 కేలరీలను 28 రోజులకు పంచితే రోజుకు 275. ముందే ఉన్న 250తో కలిపి అతని సర్‌ప్లస్ 525 అయింది. అందరూ చెప్పే 500కి దగ్గరి అంకె అది. పండగ నెల మొత్తం మీద అతను "విపరీతంగా" ఏమీ తినలేదు, రోజుకు రెండు అరిసెలు, కాస్త నెయ్యి అంతే. 500 అంత తేలిగ్గా వచ్చేస్తుంది, ఇతని ఒంట్లో దాని రెండో సగం పొట్ట మీదికే వెళ్లింది.

టేపు కూడా అదే మాట చెప్పింది. ముందు పన్నెండు వారాల్లో, నీళ్ల బరువు తీసేస్తే, రెండు కిలోలకు నడుము ఒక సెంటీమీటరు పెరిగింది. ఈ నెలలో 1.9 కిలోలకు 2.6 సెంటీమీటర్లు. నేను పాటించే హద్దు ఇది: పెరిగిన ప్రతి కిలోకూ నడుము అర సెంటీమీటరు దాకా పెరిగితే దారిలో ఉన్నట్టే. కిలోకు ఒక సెంటీమీటరు దాటితే సర్‌ప్లస్ పెద్దదైంది. నడుము ప్రతి ఆదివారం పొద్దున, బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి, అర సెంటీమీటరు కొలతలోనే పోతుంది కాబట్టి ఒక్క వారం అంకెతో ఏమీ తేల్చకూడదు. జిమ్‌లో ఉండే స్మార్ట్ త్రాసు మీద కొవ్వు శాతం చూసుకునేవాళ్లున్నారు. అది ఒంట్లో విద్యుత్ ప్రవాహానికి వచ్చే అడ్డును కొలిచి అంచనా కడుతుంది, నీళ్లు తాగడంతో, చెమటతో మారిపోతుంది. నెలకు ఒక శాతం మార్పును పట్టుకోవడానికి అది పనికిరాదు.

తర్వాత ఏం చేశాం

అతను వెంటనే కటింగ్, అంటే తిండి తగ్గించి కొవ్వు కరిగించడం, చేస్తానన్నాడు. వద్దన్నాను. ఆర్నెల్లు కూడా నిండని కొత్తవాడికి మెయింటెనెన్స్ దగ్గర ఆగినా కండ పెరుగుతుంది, ఒంట్లో ఉన్న కొవ్వే లోటు తీరుస్తుంది. అప్పటికి అతని మెయింటెనెన్స్ 2,450 దగ్గరికి పెరిగింది. బరువూ పెరిగింది, నడకా పెరిగింది మరి. ఆరు వారాలు అక్కడే ఉంచాం. బరువు 63.4 నుంచి 63.2. నడుము 82.6 నుంచి 81.2కి దిగింది, స్క్వాట్ 77.5కి ఎక్కింది. బరువు మారకుండా నడుము తగ్గి, ఎత్తే బరువు పెరగడం కొత్తవాళ్లకు దక్కే వరం.

తర్వాత మళ్లీ 200 చేర్చి 2,650కి వెళ్లాం. ఈసారి 250 కాకుండా 200, ఎందుకంటే దాదాపు ఆరు నెలల తర్వాత కండ పెరిగే వేగం మొదటి నెలల్లో ఉన్నట్టుండదు, దాంతోపాటే సర్‌ప్లస్ కూడా తగ్గాలి. ఆరు వారాల్లో 64.3 అయ్యాడు, నడుము 81.5. మొదలుపెట్టినప్పటి నుంచి దాదాపు ఆరు కిలోలు పెరిగాడు, అందులో మొదటి కిలో నీళ్లూ పొట్టలోని తిండీ. నడుము రెండున్నర సెంటీమీటర్లు పెరిగింది. స్క్వాట్ 82.5, బెంచ్ 55, ఎనిమిది రెప్స్‌కి. కండను, కొవ్వును విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్ చేయించలేదు కాబట్టి ఇందులో కండ ఇంత, కొవ్వు ఇంత అని గ్రాముల్లో చెప్పను. నాలుగు కిలోల దగ్గర కొవ్వు కాని బరువని నా అంచనా. మూడు నెలల్లో డెబ్బై అన్నవాడు ఏడున్నర నెలల్లో 64 దగ్గర ఉన్నాడు, పాత చొక్కాలు భుజాల దగ్గర బిగిశాయి, ప్యాంట్లు మాత్రం అవే వేసుకుంటున్నాడు.

ఈ 250ని అందరికీ అలాగే ఎత్తి పెట్టకూడదు. ఇదే ఎత్తులో 52 కిలోలు, 68 సెంటీమీటర్ల నడుము ఉన్న కుర్రాడు వస్తే నేను 350 నుంచి 400తో మొదలుపెడతాను. అతనికి పెట్టుకోవడానికి కొవ్వు చోటుంది, పైగా అలాంటివాళ్లు కదలికల్లో ఎక్కువ ఖర్చుపెట్టేస్తారు. 78 కిలోలు, 94 సెంటీమీటర్ల నడుముతో వచ్చే కొత్తవాడికి సర్‌ప్లస్సే అక్కర్లేదు, ప్రోటీన్ పెంచి మెయింటెనెన్స్‌లోనో కొద్దిపాటి లోటులోనో పెడితే కండ వస్తుంది. భారతీయ పురుషులకు నడుము 90 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు హద్దు దాటినట్టని వైద్యులు లెక్కిస్తారు, ఆ పైన బల్క్ మాటే ఎత్తను. ఆడవాళ్లకు 100 నుంచి 200 చాలు, నెలసరితో నీళ్ల బరువు కిలో దాకా ఊగుతుంది కాబట్టి వారం వారం కాకుండా ఈ నెల నెలసరి తర్వాతి వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చాలి. ఏ కారణమూ లేకుండా బరువు తగ్గుతూ వచ్చి సన్నబడ్డవాళ్లైతే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుని రావాలి.

ఎత్తే బరువులు నాలుగు వారాలుగా పెరగనివాళ్ల విషయం వేరు. వాళ్లకు 100 కేలరీల సర్‌ప్లస్ కూడా కొవ్వే అవుతుంది. అలాంటప్పుడు తిండి జోలికి పోకుండా ముందు సెట్లు, నిద్ర, సెట్లో ఎంత కష్టపడుతున్నారన్నది చూస్తాను. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి అయిదు గంటలు పడుకునే కుర్రాడికి పల్లీలు పెంచితే పెరిగేది నడుమే.

ఈ అబ్బాయి ఇప్పుడు 2,650 మీదే ఉన్నాడు. నడుము 85కి చేరితే, లేదా రెండు నెలల్లో స్క్వాట్ అయిదు కిలోలు కూడా పెరగకపోతే సర్‌ప్లస్ ఆపేద్దామని రాసుకున్నాం. క్రియాటిన్ పోయిన వారం మొదలుపెట్టాడు, కాబట్టి వచ్చే మూడు వారాల బరువు లెక్కలోకి తీసుకోం, టేపునే నమ్ముతాం.